బిల్లు ఫొటోలో సర్వీస్ చార్జీ, జీఎస్టీ, టిప్: ఎవరి వాటా ఎంత?

ప్రశ్న: నల్గొండ దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. మొన్న శనివారం మా స్టాఫ్‌లో ఐదుగురం దావత్‌కు ఒక బార్ అండ్ రెస్టారెంట్‌కు వెళ్లాం. లెక్కల సార్, పీఈటీ సార్ చెరొక మటన్ బిర్యానీ (ఒకటి 340), నేను చికెన్ బిర్యానీ (260), శాకాహారి అయిన తెలుగు సార్ వెజ్ ఫ్రైడ్ రైస్ (180), హిందీ సార్ రెండు బటర్ నాన్ (80), చికెన్ కర్రీ తీసుకున్నాం. అపోలో ఫిష్ (320) తెలుగు సార్ తప్ప నలుగురం తిన్నాం. నీళ్ల బాటిళ్లు రెండు (40) అందరివీ. బీర్లు మూడు (ఒకటి 240): రెండు పీఈటీ సార్‌వి, ఒకటి లెక్కల సార్‌ది. బిల్లు 2875 వచ్చింది. నేను 3000 క్యాష్ ఇచ్చి, మిగిలిన 125 అందరం అనుకునే టిప్‌గా వదిలేశాం. బిల్లు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టి "తలా 600" అన్నాను. తెలుగు సార్ వెంటనే ఫోన్‌పే చేశారు, ఒక్క మాట అనలేదు. కానీ నాకే మనసొప్పడం లేదు. సర్వీస్ చార్జీ, జీఎస్టీ, టిప్ న్యాయంగా ఎలా పంచాలి? ఫొటోలో చికెన్ కర్రీ లైను మీద ఫ్లాష్ వెలుగు పడి అంకె కనిపించడం లేదు కూడా.

సమాధానం:

సార్, ముందు తెలుగు సార్‌కు 358 రూపాయలు వాపస్ పంపండి. ఆయన వాటా టిప్‌తో కలిపి 242. ఆ అంకె ఎలా వచ్చిందో కింద మొత్తం చెబుతాను. నల్గొండలో పదిహేనేళ్లుగా హోటళ్ల అకౌంట్లు, జీఎస్టీ రిటర్నులు చూస్తున్నాను కాబట్టి ఇలాంటి బిల్లులు రోజూ నా చేతుల మీదుగా పోతుంటాయి. మీ ఫొటో చూడగానే ఒక సంగతి కళ్లకు కనిపించింది. అది తెలియకుండా పంచితే తప్పు వస్తుంది.

మీ బిల్లు అడుగు భాగం ఇది:

```
Sub Total            2520.00
Service Charge 10%    252.00
CGST 2.5%              51.30
SGST 2.5%              51.30
Round Off               0.40
Grand Total          2875.00
```

ఇందులో CGST పక్కనున్న 51.30 చూడండి. పంచాలనుకునే వాళ్లెవరూ ఈ అంకెను పట్టించుకోరు గానీ బిల్లు గుట్టంతా దానిలోనే ఉంది. రెండున్నర శాతం అంటే నలభైలో ఒక వంతు. కాబట్టి CGSTని 40తో గుణిస్తే, హోటల్ వాళ్లు దేని మీద పన్ను వేశారో ఆ మొత్తం బయటపడుతుంది. 51.30ని 40తో గుణిస్తే 2052. మీ సబ్ టోటల్ 2520, సర్వీస్ చార్జీ కలిపితే 2772. పన్ను మాత్రం 2052 మీదే పడింది. మధ్యలో తప్పిపోయిన 720 మీ మూడు బీర్ల ధర.

మద్యం మీద జీఎస్టీ ఉండదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడే దాన్ని బయట పెట్టారు, దాని పన్ను రాష్ట్రం చేతిలోనే ఉంది. కొన్ని చోట్ల బిల్లులో VAT అని వేరే లైను కనిపిస్తుంది. మీ బిల్లులో అది లేదు, అంటే బీరు రేటులోనే అంతా కలిసి ఉంది. ఒకవేళ ఆ లైను ఉంటే అది మొత్తం తాగినవాళ్లదే, మిగతావాళ్లకు దానితో సంబంధం లేదు.

ఇక 2052లోంచి సర్వీస్ చార్జీ 252 తీసేస్తే 1800. అది మీ తిండి మొత్తం. ఇక్కడే మీ ఫ్లాష్ వెలుగు సమస్య కూడా తీరిపోతుంది. కనిపిస్తున్న తిండి లైన్లు కూడండి: మటన్ బిర్యానీలు 680, చికెన్ బిర్యానీ 260, ఫ్రైడ్ రైస్ 180, నాన్‌లు 80, ఫిష్ 320, నీళ్లు 40. మొత్తం 1560. 1800లోంచి తీసేస్తే 240. అదే చికెన్ కర్రీ ధర. ఇంకో దారిలో సరిచూసుకోండి: సబ్ టోటల్ 2520లోంచి 1560, బీర్లు 720 తీసేసినా అదే 240 వస్తుంది. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చింది కాబట్టి నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒక్క లైను కనిపించకపోతేనే ఇలా పట్టుకోగలం. రెండు లైన్లు పోతే వాటి కూడిక తెలుస్తుంది గానీ విడివిడిగా తెలియదు, అప్పుడు హోటల్‌కు ఫోన్ చేసి బిల్లు నంబర్ చెప్పి అడగాల్సిందే.

ఫొటో గురించి ఇంకొక్క మాట. ఈ బిల్లులు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి. చొక్కా జేబులో రెండు రోజులుంటే 3కు, 8కి తేడా తెలియదు. టేబుల్ మీద బిల్లు పెట్టగానే, లైటు నీడ పడకుండా నిటారుగా, పైనున్న జీఎస్టీ నంబర్ నుంచి కిందున్న గ్రాండ్ టోటల్ దాకా పడేలా తీయండి. చాలామంది ఐటమ్‌లు మాత్రం తీసి అడుగు భాగం వదిలేస్తారు. పంచడానికి అడుగు భాగమే ముఖ్యం. ఫొటోలోంచి అంకెలు లాగే యాప్ వాడేవాళ్లయితే, అది లాగిన ఐటమ్‌ల కూడిక సబ్ టోటల్‌తో సరిపోయిందా అని ఒకసారి చూసుకోండి. టేబుల్ నంబర్‌నో, క్వాంటిటీనో ధరగా చదివేసిన సందర్భాలు నేనే చూశాను.

ఇప్పుడు పంపకం. ముందు ఎవరి ఐటమ్‌లు వాళ్ల పేరు మీద రాయాలి, ఉమ్మడివి తిన్నవాళ్ల మధ్యే పంచాలి. ఫిష్ 320 నలుగురికి, తలా 80. నీళ్లు 40 ఐదుగురికి, తలా 8. ఫిష్‌లో ఎవరు ఎన్ని ముక్కలు తిన్నారన్న లెక్కలోకి మాత్రం పోకండి. ప్లేట్‌లో చెయ్యి పెట్టినవాళ్లందరికీ సమానం, ముట్టనివాళ్లకు సున్నా. అంతకంటే లోతుకు పోతే దావత్‌లో రుచి పోతుంది. వన్ బై టూ సూప్ అయినా ఇదే పద్ధతి.

అలా రాస్తే తిండి వాటా లెక్కల సార్‌కు 428, పీఈటీ సార్‌కు 428, మీకు 348, హిందీ సార్‌కు 408, తెలుగు సార్‌కు 188. కూడితే 1800 రావాలి, వచ్చింది. బీరు వాటా లెక్కల సార్‌కు 240, పీఈటీ సార్‌కు 480. ఈ రెండు కూడికలు సరిపోయాకే ముందుకు వెళ్లండి. ఎక్కడో ఒక ఐటమ్ ఎవరి పేరు మీదా రాయకుండా మిగిలిపోతే చివర్లో ఆ తేడా ఎక్కడిదో అంతుబట్టక తల పట్టుకోవాలి.

తర్వాత అసలు మెలిక. సర్వీస్ చార్జీ, జీఎస్టీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మీ హోటల్లో ముందు అన్నిటి మీదా, బీర్లతో సహా, పది శాతం సర్వీస్ చార్జీ వేశారు. ఆ తర్వాత తిండికి, మొత్తం సర్వీస్ చార్జీకి కలిపి ఐదు శాతం జీఎస్టీ వేశారు. ఈ వరుస నేను ఊహించి చెప్పడం లేదు. 2052 అన్న అంకెను ఇంకోలా రప్పించలేం. సర్వీస్ చార్జీ మీద జీఎస్టీ వేయకపోయి ఉంటే CGST 45.00 వచ్చేది. తిండి మీద సర్వీస్ చార్జీకి మాత్రమే జీఎస్టీ వేసి ఉంటే 49.50 వచ్చేది. కౌంటర్ దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో సర్వీస్ చార్జీకి పన్ను వర్తిస్తుందా లేదా అని ఒక టిక్కు ఉంటుంది. దాన్ని పెట్టినవాళ్లు ఎలా పెడితే బిల్లు అలా వస్తుంది. అందుకే పక్క హోటల్ బిల్లుకు పనికొచ్చిన లెక్క ఈ హోటల్‌కు పనికిరాకపోవచ్చు, ప్రతిసారీ CGSTని 40తో గుణించి చూసుకోవాలి.

ఆ వరుస ప్రకారం తిండిలో ప్రతి రూపాయికి ముందు పది పైసల సర్వీస్ చార్జీ, అప్పుడు 1.10 మీద ఐదు శాతం జీఎస్టీ. అంటే తిండి రూపాయి చివరికి 1.155 అవుతుంది. బీరులో ప్రతి రూపాయికి సర్వీస్ చార్జీ పది పైసలు, ఆ పది పైసల మీద మాత్రమే జీఎస్టీ అర పైసా. అంటే బీరు రూపాయి 1.105. ఎక్సెల్‌లో B కాలమ్‌లో తిండి, C కాలమ్‌లో మద్యం రాసుకుంటే ఇంతే:

```
=B2*1.155+C2*1.105
```

లెక్కల సార్: 428కి 494.34, బీరు 240కి 265.20, మొత్తం 759.54. పీఈటీ సార్: 494.34కు బీర్ల 530.40 కలిపితే 1024.74. మీరు 401.94, హిందీ సార్ 471.24, తెలుగు సార్ 217.14. అన్నీ కూడితే 2874.60. బిల్లులో రౌండాఫ్ చేయకముందున్న అంకె కూడా సరిగ్గా అదే. పైసా తేడా లేకుండా కలిసింది కాబట్టి వరుస సరిగ్గా పట్టుకున్నామని నమ్మకంగా చెప్పవచ్చు. ఇక్కడ రూపాయో రెండు రూపాయలో తేడా వస్తే "పోనీలే" అని వదిలేయకండి, ఎక్కడో పన్ను వరుస తప్పు పట్టుకున్నట్టు. దగ్గరి రూపాయికి సరిచేస్తే 760, 1025, 402, 471, 217. కూడితే సరిగ్గా 2875, రౌండాఫ్ 40 పైసల బెంగ కూడా తీరింది. ఒక్కోసారి ఇలా సరిచేసినప్పుడు రూపాయి అటో ఇటో మిగులుతుంది, దాన్ని డబ్బు కట్టినవాళ్లు తమ వాటాలో వేసుకుంటే సరి.

ఈ పద్ధతి మరీ చాదస్తంగా ఉంది, పన్నులూ చార్జీలూ కలిపి ఐదుగురికి సమానంగా పంచితే పోయేది కదా అని గ్రూపులో ఎవరైనా అంటారు. చేసి చూడండి. సర్వీస్ చార్జీ, జీఎస్టీ, రౌండాఫ్ కలిపి 355, తలా 71. తెలుగు సార్ 188 రూపాయల తిండి తిని 71 రూపాయల చార్జీలు కట్టాలి, అది 38 శాతం. పీఈటీ సార్ 908 రూపాయలకు అదే 71 కడతారు, ఎనిమిది శాతం కూడా కాదు. పన్ను అనేది ధర వెంట నడిచేది. తక్కువ తిన్నవాడి మీద ఎక్కువ తిన్నవాడి పన్ను వేయడం తప్పు.

ఇంకొందరు మొత్తం బిల్లును సబ్ టోటల్‌తో భాగించి ఒకే గుణకం వాడతారు. 2875ని 2520తో భాగిస్తే సుమారు 1.141. మద్యం లేని బిల్లుకు ఇది చక్కగా పనిచేస్తుంది, దానికి మించిన సులువైన దారి లేదు. మీ బిల్లుకు వాడితే పీఈటీ సార్‌కు 1036 వస్తుంది, అంటే ఆయన 11 రూపాయలు ఎక్కువ కడతారు. ఆ 11 రూపాయలు బీరు తాగని మీ ముగ్గురి తిండి మీది జీఎస్టీ, ఆయన బీరు మీదికి జారింది. ఆయన రెండు బీర్లకు 11 రూపాయలే కాబట్టి పెద్ద తేడా కాదు. అదే ఒక ఫుల్ బాటిల్ ఉన్న టేబుల్ అయితే తేడా ఇంకా పెరుగుతుంది. తాగినవాళ్లే కదా, కట్టనీ అనుకోవడం నాకు నచ్చదు. లెక్క అందరికీ ఒకటే ఉండాలి, అందులో తాగేవాళ్లూ ఉన్నారు.

టిప్ సంగతి వేరు. సర్వీస్ చార్జీ శాతంలో వేసింది కాబట్టి శాతంలోనే పంచాం. మీరు వదిలిన 125 ఎవరూ శాతం కట్టి తీసింది కాదు, మూడు వేలకు పోను మిగిలిన చిల్లర. మన దగ్గర టిప్ ఎక్కువగా ఇలాగే ఇస్తారు. సర్వర్ తమ్ముడు ఐదుగురికీ ఒకేలా ప్లేట్లు వేశాడు, నీళ్లు పోశాడు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ తెచ్చాడు. కాబట్టి ఐదుగురికీ సమానం, తలా 25. తెలుగు సార్‌కు ఇది ఆయన తిండిలో 13 శాతం కదా అని మీరు అడగవచ్చు. నిజమే, శాతంలో పంచితే ఆయనకు తొమ్మిది రూపాయలే పడుతుంది, పీఈటీ సార్‌కు 45. అలా చేసినా తప్పు పట్టను. కానీ అందరూ ఒప్పుకుని వదిలిన టిప్ మనిషికింత అని ఉంటేనే బాగుంటుందని నా అభిప్రాయం. మీ ఐదుగురూ ఒప్పుకోకుండా ఒకరే ఉదారంగా వదిలిన టిప్ అయితే మాత్రం అది ఆ ఒక్కరిదే, తర్వాత గ్రూపులో దాన్ని అందరి మీదా వేయకూడదు.

టిప్ కలిపితే చివరి అంకెలు ఇవి: లెక్కల సార్ 785, పీఈటీ సార్ 1050, మీరు 427, హిందీ సార్ 496, తెలుగు సార్ 242. మొత్తం 3000. తలా 600 పద్ధతిలో తెలుగు సార్ తన వాటాకు రెండున్నర రెట్లు కట్టారు.

ఆయన ఒక్క మాట అనలేదన్నారు చూడండి, అది చదివి నాకు పాత సంగతి గుర్తుకొచ్చింది. మిర్యాలగూడలో మేం ఎనిమిది మంది నెలకోసారి కలిసేవాళ్లం. అందులో ఒకాయన మాంసం ముట్టడు, మద్యం ముట్టడు. ప్రతిసారీ సమానంగా పంచేవాళ్లం, ఆయన ప్రతిసారీ నవ్వుతూ ఇచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి ఆయన రావడం మానేశాడు. ఊళ్లో పని ఉందని, ఒంట్లో బాగోలేదని చెప్పేవాడు. చాలా రోజుల తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల ఇంటావిడ చెప్పింది, ఆ నెలసరి ఖర్చు వాళ్లకు భారమైందని. అడిగితే చిన్నతనం అనుకుని ఆయన ఎప్పుడూ అడగలేదు. లెక్కలు చూసే వృత్తిలో ఉండి కూడా నాకు ఆ ఎనిమిది భాగాల సంగతి తట్టలేదు. అప్పటి నుంచి టేబుల్ దగ్గర తక్కువ తిన్నవాళ్ల వాటా ముందు నేనే లెక్కకట్టి చెబుతాను. తక్కువ కట్టాల్సినవాళ్లు నోరు తెరవరు, ఎక్కువ తిన్నవాళ్లే ఆ మాట ఎత్తాలి.

ఇప్పుడు మీరు అడగని ఒక విషయం, కానీ వచ్చేసారి మీ ఐదుగురికీ పైసలు మిగిల్చేది. ఆ 252 సర్వీస్ చార్జీ మీరు కట్టాల్సిన పని లేదు. అది పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు, హోటల్ యజమాని ఖాతాలోకి పోతుంది. సర్వర్లకు ఇస్తాడా లేదా అన్నది ఆయన ఇష్టం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు సర్వీస్ చార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదు, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు, తిండి బిల్లులో కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. ఇవ్వడం కస్టమర్ ఇష్టం. రెస్టారెంట్ల సంఘాలు దీని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, 2025 మార్చి 28న కోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది.

కాబట్టి డబ్బు కట్టకముందే, ఫొటో తీసేటప్పుడే ఆ లైను చూడండి. "అన్నా, సర్వీస్ చార్జీ తీసేసి బిల్లు మళ్లీ కొట్టండి" అని మర్యాదగా అడిగితే చాలా చోట్ల మాట్లాడకుండా తీసేస్తారు. "బిల్లు మళ్లీ కొట్టండి" అన్నది ముఖ్యం. కొన్ని కౌంటర్లలో బిల్లు అలాగే ఉంచి 252 చేతిలో పెడతారు. దాని మీద వేసిన జీఎస్టీ 12.60 మాత్రం బిల్లులో ఉండిపోతుంది. కొత్త బిల్లు కొడితే తిండి 1800, దాని మీద జీఎస్టీ 90, బీర్లు 720, మొత్తం 2610 వస్తుంది. అంటే 264.60 తగ్గుతుంది. అప్పుడు పంపకం కూడా సులువు: తిండి రూపాయికి 1.05, బీరు రూపాయికి రూపాయే. తెలుగు సార్ వాటా 197.40 అవుతుంది. తీయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఇప్పుడు కట్టేసిన బిల్లు ఫొటో మీ దగ్గర ఉంది కాబట్టి దాని మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు.

సర్వీస్ చార్జీ తీయించినప్పుడు మాత్రం సర్వర్‌కు టిప్ మంచిగా ఇవ్వండి. మీ 125 బదులు రెండొందలు అతని చేతిలోనే పెట్టినా మీకు ఇంకా మిగులుతుంది, అతనికీ ఆ డబ్బు నేరుగా అందుతుంది. నా ఖాతాదారుల్లో సర్వీస్ చార్జీ వేసే వాళ్లకు కూడా ఈ మాటే చెబుతాను.

ఇంకో రెండు చిన్న సంగతులు. మన దగ్గర చిన్న హోటళ్లు కొన్ని కాంపొజిషన్ స్కీములో ఉంటాయి. అలాంటి హోటల్ కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, తన జేబులోంచే కట్టాలి. ఆ బిల్లు పైన `composition taxable person` అన్న మాట ఉండాలి. అది రాసి ఉండి, కింద CGST, SGST లైన్లు కూడా ఉంటే ఆ పన్ను పంచుకోవడం కాదు, తీసేయమని అడగండి. పన్ను వసూలు చేసే హోటల్ బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబర్ ఉండాలి, తెలంగాణ హోటల్‌ది అయితే అది 36తో మొదలవుతుంది. ఇక, ఎప్పుడైనా హైదరాబాద్ వెళ్లి రోజు గది అద్దె 7500 దాటే పెద్ద హోటల్లో తింటే తిండి మీద జీఎస్టీ 5 కాదు, 18 శాతం. అక్కడ CGST 9 శాతం కాబట్టి 40తో గుణించే చిట్కా పనిచేయదు. CGSTని 9తో భాగించి 100తో గుణించాలి.

వచ్చేసారి ఎవరి రిటైర్మెంటో, పుట్టినరోజో అయి ఆ సార్‌ను కట్టనివ్వకూడదనుకుంటే, ఆయన తిన్నవన్నీ మిగతా నలుగురు పంచుకున్న ఉమ్మడి ఐటమ్‌లుగా రాసుకోండి, మీ అపోలో ఫిష్‌లాగే. ఆ తర్వాత గుణకం మామూలే. ఆయన తాగిన బీరు ఉంటే దాన్ని కూడా నలుగురికి పంచాలి, కానీ C కాలమ్‌లోనే రాయాలి.

తెలుగు సార్‌కు 358, మీకు 173, హిందీ సార్‌కు 104 తిరిగి రావాలి. లెక్కల సార్ ఇంకో 185, పీఈటీ సార్ ఇంకో 450 ఇవ్వాలి. అందరూ 600 ఇచ్చేశారనుకుని ఈ అంకెలు రాశాను, ఎవరైనా ఇంకా ఇవ్వకపోతే వాళ్ల పూర్తి వాటా అడగండి. గ్రూపులో పెట్టేటప్పుడు ఈ లెక్క లెక్కల సార్ చేత పెట్టిస్తే బాగుంటుంది. ఆయన కూడా ఎక్కువ కట్టాల్సినవాళ్లలో ఒకరు కాబట్టి పీఈటీ సార్‌కు తనొక్కణ్నే వేలెత్తి చూపినట్టు అనిపించదు.